ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా: డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్‌ను ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

దసరాకి ముందు ఇల్లు దులిపే రోజుల్లో నాకు తప్పకుండా ఒక ఫోన్ వస్తుంది. ఈసారి కాకినాడ నుంచి మా బావగారు. "ఏరా, కంప్యూటర్ జరిపి కింద తుడిచాం. మళ్లీ వైర్లన్నీ పెట్టాం. లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ రావట్లేదు. మానిటర్ పోయినట్టుంది, కొత్తది కొనేయనా?"

కొనకండి బావగారూ, ఆదివారం నేనొస్తాను అన్నాను. ఆయనది పాత అసెంబుల్డ్ సిస్టమ్. హెచ్61 బోర్డు, మూడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ముక్కలు రెండు, తర్వాత ఎప్పుడో పెట్టించుకున్న జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు. ఆ ఆదివారం చేసిన పనినే వరుసగా చెబుతాను. మీ సిస్టమ్ ఇంకా కొత్తదైతే ఎక్కడ తేడా వస్తుందో అక్కడ ఆగి చెబుతాను.

ఒక షరతు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. ర్యామ్, కార్డు, కేబుల్ మూడూ ఒకేసారి పీకి పెడితే డిస్‌ప్లే రావచ్చు, కానీ తప్పు దేనిదో తెలియదు. రెండు వారాల తర్వాత మళ్లీ పోతే మళ్లీ మొదటికే రావాలి.

ముందు మానిటర్‌ను అడగండి

మానిటర్ బటన్ నొక్కినప్పుడు తెర మీద "No Signal" అనో, "Check Cable" అనో ఏదైనా కనిపించిందా? ఒక్క క్షణం కనిపించినా చాలు, మానిటర్ బతికే ఉంది. దానికి కరెంటు అందుతోంది, తెర వెలుగుతోంది, అవతలి నుంచి బొమ్మ రావట్లేదు, అంతే. బావగారి మానిటర్ ఈ మాట చెబుతూనే ఉంది. ఆయన దాన్నే మానిటర్ పోయిందని అర్థం చేసుకున్నారు.

ఏ మాటా రాకపోతే మానిటర్‌కే ఉన్న మెనూ బటన్ నొక్కి చూడండి. మెనూ కూడా రాకపోతే పవర్ కేబుల్, అడాప్టర్, గోడ స్విచ్ చూడాలి. గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా వేసి చూడడం ఇంకో పద్ధతి. బొమ్మ లీలగా కనిపిస్తే కంప్యూటర్ బాగానే ఉంది, మానిటర్ లోపలి బ్యాక్‌లైట్ పోయింది. అప్పుడు ఈ మిగతా వ్యాసం మీకు అక్కర్లేదు.

కేబుల్ మీద అనుమానం ఉంటే టీవీ దగ్గరి సెట్‌టాప్ బాక్స్ తెచ్చి, అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్‌కి తగిలించండి. బొమ్మ వచ్చిందంటే మానిటర్, కేబుల్ రెండూ ఒకే దెబ్బకి పాసైనట్టే. నీలం రంగు వీజీఏ కేబుల్ అయితే కొన లోపలికి చూడండి, వంగిన పిన్ను కంటికే కనిపిస్తుంది. దాని రెండు పక్కల స్క్రూలు బిగించడం చాలామంది మానేస్తారు. టేబుల్ కాస్త జరిగినా కేబుల్ ఊడి వేలాడేది అందుకే.

మానిటర్‌కి రెండు మూడు ఇన్‌పుట్లు ఉంటే, మీరు కేబుల్ పెట్టిన ఇన్‌పుట్ మెనూలో ఎంపికై ఉందో లేదో చూడండి. కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉండి, మానిటర్ వీజీఏ కోసం ఎదురు చూస్తుంటే రోజంతా నల్లగానే ఉంటుంది. మధ్యలో చిన్న కన్వర్టర్ ముక్క ఉంటే అనుమానం మొదట దాని మీదే పెట్టుకోండి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే మామూలు కేబుల్ ఒక దిక్కులోనే పనిచేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ కొన కంప్యూటర్ వైపే ఉండాలి.

కేబుల్ ఏ పోర్టులో ఉంది?

బావగారింట్లో మొదటి తప్పు ఇక్కడే దొరికింది. క్యాబినెట్ వెనక వీడియో పోర్టులు రెండు చోట్ల ఉన్నాయి. కీబోర్డు, యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉన్నవి మదర్‌బోర్డువి. వాటికి కింద, అడ్డంగా, విడిగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. దులిపాక కేబుల్‌ను పైనున్న బోర్డు పోర్టులో పెట్టారు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలా బోర్డులు తమ సొంత వీడియో పోర్టును ఆపేస్తాయి. కార్డు బొమ్మ పంపిస్తూనే ఉంటుంది, అందుకునేవాళ్లే ఉండరు.

కొత్త సిస్టమ్‌లలో ఇది ఇంకా ముఖ్యం. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకి ఐ5-12400ఎఫ్, దానిలో గ్రాఫిక్స్ భాగం వాడకానికి ఉండదు. రైజెన్ 5 3600, 5600 లాంటి వాటిలోనూ అంతే. బోర్డు మీద హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా వీటితో అది ఉత్తి అలంకారమే. కేబుల్ కార్డుకే పెట్టాలి.

కేబుల్ కార్డుకి మార్చాను. ఆన్ చేస్తే మళ్లీ "No Signal". బావగారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయడం లేదు.

కంప్యూటర్ లేచిందా, లేవలేదా?

క్యాబినెట్ విప్పే ముందు ఇది తేల్చుకోవాలి. ఆన్ చేయగానే కంప్యూటర్ మొదట తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రాసెసర్, ర్యామ్, వీడియో సరిగా ఉన్నాయని తేలాకే విండోస్ దాకా వెళ్తుంది. ఫ్యాన్లు తిరగడానికి ఈ పరీక్షతో పనే లేదు, కరెంటు అందితే తిరుగుతాయి. కాబట్టి ఫ్యాన్ తిరుగుతోంది కదా అన్నది బోర్డు బాగుందనడానికి సాక్ష్యం కాదు.

వైరున్న కీబోర్డు పెట్టి, ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగండి. అప్పుడు నమ్ లాక్ మీట నాలుగైదుసార్లు నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లేచింది, లోపల పని చేసుకుంటోంది, బొమ్మ మాత్రమే బయటికి రావట్లేదు. అంటే అనుమానం కేబుల్, పోర్టు, గ్రాఫిక్స్ కార్డు మీదికి వెళ్తుంది. లైటు అసలు కదలకపోతే పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు మొదటి అనుమానం ర్యామ్. రెండు నిమిషాలు ఎందుకంటే, కొన్ని బోర్డులు త్వరగా లేవడం కోసం విండోస్ వచ్చేదాకా యూఎస్‌బీ కీబోర్డును పట్టించుకోవు. ఆన్ చేసిన వెంటనే నొక్కి చచ్చిపోయిందని తేల్చేయకూడదు.

బావగారి కీబోర్డు లైటు కదల్లేదు.

కొత్త బోర్డుల్లో దీనికంటే తేలిక దారి ఉంటుంది. బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి పక్కన చిన్న లైట్లు ఉంటాయి. పరీక్ష ఎక్కడ ఆగిందో ఆ లైటు వెలుగుతూ ఉండిపోతుంది. పాత బోర్డుల్లో ఆ పని బీప్ చేస్తుంది, కానీ ఇప్పటి క్యాబినెట్లలో స్పీకరే ఉండదు. దాని బదులు బోర్డుకి తగిలించే నాలుగు పిన్నుల బజర్ ఎలక్ట్రానిక్స్ షాపులో చవకగా దొరుకుతుంది. నా పనిముట్ల డబ్బాలో స్క్రూడ్రైవర్ తర్వాత నేను ఎక్కువ వాడేది అదే.

ఇంకో మాట. మీది డీడీఆర్5 ర్యామ్ ఉన్న సిస్టమ్ అయి, కొత్తగా ర్యామ్ మార్చి ఉంటే, లేదా బోర్డు ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ అయిన బయోస్ సెట్టింగులు చెరిపి ఉంటే, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పది నిమిషాలు వదిలేసి కాఫీ తాగి రండి.

విప్పే ముందు

గోడ స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పూర్తిగా పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ వైపు ఉండే వైరింగులు నేను చూశాను. కేబుల్ పీకాక క్యాబినెట్ పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్‌ను పక్కకి పడుకోబెట్టి, మదర్‌బోర్డు మనకి కనిపించేలా మూత తీయండి. చేత్తో ఏది ముట్టుకునే ముందైనా క్యాబినెట్ రంగులేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పకండి. కేబుల్ పీకిన తర్వాత కూడా దాని లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

దుమ్ము బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో తీయండి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. తడిగుడ్డ వద్దు.

ర్యామ్: ఎక్కువ సమయం ఇక్కడే

ముందుగా బోర్డు మనతో మాట్లాడుతుందో లేదో చూశాను. బజర్ పెట్టి, ర్యామ్ ముక్కలు రెండూ తీసేసి, ఆన్ చేశాను. ర్యామ్ లేదని బోర్డు పొడుగ్గా బీప్ బీప్ అని అరిచింది. ఆ అరుపు విని బావగారు భయపడ్డారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ర్యామ్ లేదని చెప్పాలంటే ప్రాసెసర్ పనిచేయాలి, బయోస్ చదవగలగాలి, ఎస్‌ఎంపీఎస్ సరైన కరెంటు ఇవ్వాలి. ఖరీదైన మూడూ ఒక్క అరుపుతో పాసయ్యాయి. బజర్ ఉండీ, ర్యామ్ తీసినా నిశ్శబ్దంగా ఉంటే అది వేరే కథ, దాని గురించి చివర్లో.

మళ్లీ కరెంటు పీకి, ముక్కలను చూశాను. కింద ఉండాల్సిన బంగారు రంగు పళ్లు మసకబారి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. తేమకి, దుమ్ముకి ఆ పళ్ల మీద కంటికి సరిగా కనిపించని పొర కడుతుంది. కంప్యూటర్ కదపనంత కాలం ఎలాగో పనిచేస్తుంది. దులుపుడుకి క్యాబినెట్ ఎత్తి దించగానే, స్లాటులో ముక్క వెంట్రుకవాసి కదిలి, ఆనాల్సిన చోట ఆనదు.

దీనికి మందు పిల్లల పెన్సిల్ రబ్బరు. తెల్లటి మెత్తని రబ్బరే వాడాలి, ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడితే బంగారు పూత ఊడొస్తుంది. ముక్కను అంచులు పట్టుకొని, బోర్డుకి దూరంగా, పళ్ల పొడవునా తేలిగ్గా రుద్దండి. రెండు వైపులా నాలుగైదు సార్లు చాలు. రబ్బరు పొడిని పొడి బ్రష్‌తో దులిపేయండి, ఆ పొడి స్లాటులో పడితే కొత్త తప్పు తెచ్చిపెట్టుకున్నట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూదికి అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టవచ్చు. తుడిచిన పళ్లను మళ్లీ వేలితో ముట్టుకోకండి. ఖాళీ స్లాటును మెత్తని బ్రష్‌తో ఒకసారి దులపండి, అందులోకి గుండుసూది లాంటివి పెట్టవద్దు.

పెట్టేటప్పుడు ముక్క కింది అంచులో ఉన్న గాటు, స్లాటులోని మెట్టు కలవాలి. గాటు మధ్యకి కాకుండా కాస్త ఒక పక్కకి ఉంటుంది కాబట్టి తిరగేస్తే దిగదు. దిగట్లేదని బలవంతం చేయకండి, తిప్పి చూడండి. నిటారుగా పెట్టి, రెండు చివర్లా రెండు బొటనవేళ్లతో కిందికి నొక్కాలి. కొత్తవాళ్లు భయపడేంత బలమే కావాలి. రెండు వైపులా క్లిప్పులు టక్ మని వాటంతటవే మూసుకుంటాయి. క్లిప్పును మనం వేలితో మూశామంటే ముక్క ఇంకా దిగలేదని అర్థం. కొన్ని బోర్డుల్లో ఒక వైపే క్లిప్పు ఉంటుంది. వాటితోనే మోసపోతాం, ఒక వైపు టక్ మని శబ్దం వస్తుంది, రెండో వైపు అర మిల్లీమీటరు పైనే ఉండిపోతుంది. పక్క నుంచి చూస్తే పళ్లు ఒక చివర కనిపిస్తూ ఉంటాయి.

రెండు ముక్కలూ ఒకేసారి పెట్టకండి. మొదటి ముక్కను ఒక స్లాటులో పెట్టి ఆన్ చేశాను. ఒక్క చిన్న బీప్. వెంటనే నమ్ లాక్ నొక్కితే లైటు కదిలింది. బొమ్మ కూడా వచ్చింది. ఆపి, అదే స్లాటులో రెండో ముక్క పెట్టాను, అదీ వచ్చింది. అంటే ముక్కలు రెండూ మంచివే. తర్వాత ఒక ముక్కను రెండో స్లాటులో పెట్టాను, మళ్లీ అరుపులు. స్లాటును ఇంకోసారి బ్రష్‌తో దులిపి, ముక్కను నాలుగైదు సార్లు దించి తీసి, మళ్లీ పెడితే వచ్చింది. చివరికి రెండూ పెట్టాను. ఈ వరుసలో చేస్తే ముక్క పోయిందా, స్లాటు పోయిందా అన్నది స్పష్టంగా విడిపోతుంది. ఒక ముక్క ఏ స్లాటులోనూ రాకపోతే తప్పు ముక్కది. మంచి ముక్క ఒక స్లాటులోనే రాకపోతే తప్పు ఆ స్లాటుది, దాన్ని ఖాళీగా వదిలేసి వాడుకోవచ్చు.

నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క ముక్కే పెడుతుంటే, ఎక్కువ బోర్డులకి ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటు సరైనది. రెండు ముక్కలైతే రెండు, నాలుగు స్లాట్లు. బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు

ర్యామ్ సరిగా ఉండీ, నమ్ లాక్ కదులుతూ ఉండీ, బొమ్మ రాకపోతే కార్డు దగ్గరికి రండి. పాత అవార్డ్ బయోస్ బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే అది వీడియో గురించిన ఫిర్యాదే.

ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే పని తేలిక. కార్డు తీసేసి, కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టులో పెట్టి ఆన్ చేయండి. బొమ్మ వస్తే తప్పు కార్డుదో, అది కూర్చున్న తీరుదో. సొంత గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్‌తో ఈ పరీక్ష కుదరదు, తెలిసినవాళ్ల దగ్గర పాత కార్డు ఒకటి అడిగి తెచ్చుకోవాలి.

తీసేటప్పుడు వెనక స్క్రూ విప్పాక, స్లాటు చివరన ఉన్న చిన్న కొక్కెం సంగతి మర్చిపోకండి. అది నొక్కకుండా కార్డు లాగితే స్లాటు విరుగుతుంది. బరువైన కార్డుల కింద ఆ కొక్కెం వేలికి అందదు, పొడుగాటి ప్లాస్టిక్ పుల్లతో నొక్కండి. కార్డు పళ్లకూ అదే పెన్సిల్ రబ్బరు. మళ్లీ పెట్టేటప్పుడు కార్డు అంచు స్లాటుతో సమాంతరంగా ఉండాలి. వెనక స్క్రూ బిగించినప్పుడు కార్డు రెండో చివర పైకి లేస్తుంటే, క్యాబినెట్ రేకు వంకరగా ఉందన్నమాట.

స్లాటు ఇచ్చే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. జీటీ 710, జీటీ 1030 లాంటి చిన్న కార్డులకి అది చాలు. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి వాటికి ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆ వైరు మర్చిపోతే కార్డు లైట్లు వెలిగినా బొమ్మ రాకపోవచ్చు. కార్డు వైరు కొన ఆరు, రెండు పిన్నులుగా విడిపోతుంది. ప్రాసెసర్ వైరు కొన నాలుగు, నాలుగుగా విడిపోతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకూడదు. వైర్లు విడిగా ఊడొచ్చే ఎస్‌ఎంపీఎస్ అయితే, ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్ వైరును దీనికి వాడకండి. కొన సరిపోయినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, కార్డు కాలిపోతుంది.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడేవాళ్లకి ఒక విచిత్రం. ఎన్విడియా 900, 1000 సిరీస్ కార్డుల్లో కొన్ని, కొత్త డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లతో విండోస్ వచ్చేదాకా నల్లగా ఉండిపోతాయి. హెచ్‌డీఎంఐ పెడితే బొమ్మ వస్తుంది. దీనికి ఎన్విడియా ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది, అది వేసుకుంటే సరిపోతుంది. కార్డు మార్చక్కర్లేదు.

మొదట్లో కంపెనీ లోగో కనిపించి, విండోస్ వచ్చే సమయానికి నల్లబడితే పైన చెప్పిన రబ్బరు వైద్యం పనికిరాదు. అది ఎక్కువగా డ్రైవర్ సమస్యే, విండోస్ సేఫ్ మోడ్‌లో చూసుకోవాలి.

ఇంకా రాకపోతే

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ పేరు సీఆర్2032, మూడు వోల్టులది. కరెంటు పీకి, దాన్ని తీసి, ఐదు నిమిషాలు ఆగి పెడితే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ర్యామ్ వేగం పెంచి చెడగొట్టుకున్నవాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది. కానీ ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే తర్వాత రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఫోన్‌లో చూసుకున్నాకే బ్యాటరీ ముట్టుకోండి. తేదీ, టైమ్ కూడా మళ్లీ పెట్టుకోవాలి.

ప్రాసెసర్ పక్కన, బోర్డు పై మూలన ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల వైరు చూడండి. అది వదులైనా ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, కంప్యూటర్ మాత్రం లేవదు. ర్యామ్ తీసినా బజర్ అరవని సిస్టమ్‌లలో నేను మొదట చూసేది దీన్నే. అదీ సరిగా ఉండి, అయినా నిశ్శబ్దమే అయితే మిగిలినవి ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ప్రాసెసర్. వీటిని తేల్చాలంటే పక్కన పెట్టి చూడడానికి ఇంకో మంచి భాగం ఉండాలి, ఇంట్లో అది ఉండదు. ఇక షాపుకే.

షాపుకి వెళ్లినప్పుడు "డిస్‌ప్లే రావట్లేదండీ" అని మాత్రం అనకండి. చూసినవన్నీ చెప్పండి: "మానిటర్, కేబుల్ సెట్‌టాప్ బాక్స్‌తో చూశాను, బాగున్నాయి. నమ్ లాక్ కదలట్లేదు. ర్యామ్ తీసి బజర్ పెట్టినా బీప్ రాలేదు. ప్రాసెసర్ వైరు గట్టిగానే ఉంది. ముందు వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడండి."